సైట్‌లో కొడితే రాలేదు అంటే పేరు ఖాళీ అని కాదు: ట్రేడ్‌మార్క్ సెర్చ్ ఎలా చేయాలంటే

ప్రశ్న: "మేము వైజాగ్‌లో ఇంట్లోనే పొడులు, పచ్చళ్ళు చేసి అమ్ముతున్నాం. 'తీరం రుచులు' అని పేరు పెట్టి పౌచ్‌లు ప్రింట్ చేయిద్దాం అనుకుంటున్నాం. గవర్నమెంట్ సైట్‌లో పేరు కొడితే ఏమీ రాలేదు. ఇంక పేరు మాదే అనుకోవచ్చా, ఇంకేమైనా చూడాలా?"

అప్పుడే అనుకోకండి. మీరు కొట్టింది పూర్తి పేరు, అదీ ఒక్క స్పెల్లింగ్‌లో, బహుశా ఒక్క క్లాసులో. అలా కొడితే దాదాపు ఏ తెలుగు పేరుకైనా "ఏమీ లేదు" అనే వస్తుంది. పేరులో అసలు గుర్తుండిపోయే ముక్క ఏదో దాన్ని పట్టుకుని, అది ఎన్ని స్పెల్లింగుల్లో రాయొచ్చో అన్నిట్లోనూ, మీ సరుకుకి సంబంధించిన క్లాసులన్నిట్లోనూ వెతకాలి. ఆ తర్వాత రిజిస్టర్ చేయించుకోకుండానే ఆ పేరు వాడుతున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని బయట చూడాలి. ఈ రెండూ అయ్యేదాకా పౌచ్‌ల ఆర్డర్ ఆపండి. కూర్చుంటే ఒక సాయంత్రం పని, డబ్బులు కూడా ఏమీ కట్టక్కర్లేదు.

నేను వైజాగ్‌లోనే ట్రేడ్‌మార్క్ ఫైలింగ్ పని చేస్తుంటాను, నా దగ్గరకి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది మీలాంటి చిన్న ఫుడ్ బిజినెస్‌లూ బొటిక్‌లూ వాళ్ళే కాబట్టి మీ పేరునే ఉదాహరణగా తీసుకుని చెప్తాను.

ముందు క్లాసు. ట్రేడ్‌మార్క్ రిజిస్టర్‌లో వస్తువులు, సర్వీసులు కలిపి 45 క్లాసులు, 1 నుంచి 34 దాకా వస్తువులు, 35 నుంచి 45 దాకా సర్వీసులు. మీకు ఇక్కడే చిన్న తిరకాసు ఉంది, పచ్చళ్ళు 29లోకి వస్తాయి, కారప్పొడులు మసాలాలు 30లోకి వస్తాయి. చాలామంది ఫుడ్ అంటే 30 అనుకుని అందులో ఒక్కదాంట్లోనే చూసి ఊరుకుంటారు, పచ్చడి సీసా మీద వేసే పేరుకి 29లో ఎవరో ఉన్న సంగతి తర్వాత తెలుస్తుంది. ఈ రెండూ మీకు తప్పనిసరి. దాంతోపాటు షాపు, ఆన్‌లైన్ అమ్మకాల కోసం 35, హోటళ్ళు కర్రీ పాయింట్ల కోసం 43 కూడా చూడండి, ఎందుకంటే అదే పేరుతో హోటల్ నడిపేవాడు రేపు మీ పొడి ప్యాకెట్ చూసి "ఇది మాదే అనుకుంటారు జనం" అని అనడానికి వీలుంటుంది. సైట్ ఒకేసారి ఒక్క క్లాసులోనే వెతుకుతుంది, కాబట్టి కింద చెప్పే ప్రతి వెతుకులాటా నాలుగుసార్లు చేయాలి. విసుగే, కానీ తప్పదు.

తర్వాత పేరుని విడదీయడం. "తీరం రుచులు"లో "రుచులు" అనేది తిండి అమ్మే ఎవరైనా వాడే మాట. అలాంటి మాట మీద ఒక్కరికే హక్కు ఇవ్వరు, ట్రేడ్ మార్క్స్ చట్టం 1999లో సెక్షన్ 9 దాని గురించే. అంటే రిజిస్ట్రీలో మీ దరఖాస్తు చూసే ఎగ్జామినర్ కన్ను "తీరం" మీదే పడుతుంది. ఇంకొకరికి "తీరం ఫుడ్స్" ఉంటే, మీది "రుచులు" వాళ్ళది "ఫుడ్స్" కాబట్టి వేరు అని వాదించినా నిలబడదు. కాబట్టి వెతకాల్సింది "తీరం" ఒక్కదాన్నే. ఇదే లెక్కన "వైజాగ్", "ఆంధ్ర", "అమ్మమ్మ చేతి", "హోమ్ ఫుడ్స్" లాంటివి పక్కన పెట్టేసి మిగిలింది ఏంటో చూసుకోండి, ఏమీ మిగలకపోతే ఆ పేరు రిజిస్టర్ చేయించడమే కష్టం.

ఇప్పుడు అసలు వెతుకులాట. ipindia.gov.in లో ట్రేడ్ మార్క్స్ కింద పబ్లిక్ సెర్చ్ ఉంటుంది, అక్కడ Search Type అని ఒక డ్రాప్‌డౌన్, అందులో Wordmark, Vienna Code, Phonetic. Wordmark పెడితే పక్కన ఇంకో డ్రాప్‌డౌన్‌లో Start With, Contains, Match With అని మూడు వస్తాయి. మీరు బహుశా పేరు మొత్తం కొట్టి Start With లోనో Match With లోనో వదిలేసి ఉంటారు. Contains పెట్టండి, పూర్తి మాట కాకుండా మాటలో ముక్క కొట్టండి.

ముక్క ఎందుకంటే, తెలుగు మాటని ఇంగ్లీషు అక్షరాల్లో రాయడానికి మనకి ఒక పద్ధతంటూ లేదు. "త"ని ఒకరు T అని రాస్తారు ఒకరు TH అని రాస్తారు, "ఈ"ని EE అనీ I అనీ రాస్తారు, చివర న్యూమరాలజీ కోసం ఇంకో M తగిలించేవాళ్ళు కూడా ఉన్నారు. "తీరం" ఒక్కటే THEERAM, TEERAM, THIRAM, TIRAM, THEERAMM ఇలా ఎన్నైనా అవుతుంది. ఇవన్నీ విడివిడిగా కొట్టే బదులు, స్పెల్లింగ్ మారినా మారకుండా ఉండే నడిమి ముక్కని తీసుకుంటే సరిపోతుంది. మీ పేరుకి నేనైతే ఇవి కొడతాను, ఒక్కోటి విడిగా, ప్రతి క్లాసులోనూ:

```
EERAM
IRAM
THEERA
TEERA
SHORE
COAST
```

EERAM కొడితే THEERAM, TEERAM, SAGARATHEERAM అన్నీ ఒకే దెబ్బకి వస్తాయి, దాంతోపాటు DHEERAM లాంటివి కూడా వస్తాయి, అవి కూడా చూడాల్సినవే, ఫోన్‌లో చెప్తే "తీరం"కీ "ధీరం"కీ తేడా పెద్దగా వినపడదు కదా. IRAM కొడితే సంబంధం లేనివి బోలెడు వస్తాయి, ఓపిగ్గా కిందకి దిగాలి. SHORE, COAST ఎందుకంటే ఒకే అర్థం ఉన్న మాట కూడా ఒక్కోసారి అడ్డం పడుతుంది, ఇంగ్లీషు, హిందీ కాని లిపిలో ఉన్న మాటతో దరఖాస్తు వేస్తే దాని అర్థం ఇంగ్లీషులోనో హిందీలోనో ఇవ్వమని రూల్స్‌లోనే ఉంది, అంటే ఎగ్జామినర్ ఆ అర్థం చూస్తాడు. ఇంకో మాట, "తీరం" మలయాళంలో కూడా అదే మాట, అదే అర్థం, కేరళ వాళ్ళు కూడా ఇష్టంగా పెట్టుకునే పేరు. రిజిస్టర్ దేశం మొత్తానికి ఒక్కటే కాబట్టి "మన ఆంధ్రాలో ఎవరూ లేరు" అనేది లెక్కలోకి రాదు.

ఇది అయ్యాక Search Type ని Phonetic కి మార్చి THEERAM అని కొట్టండి. ఇది ఉచ్చారణని బట్టి దగ్గరవి తెస్తుంది. కానీ తెలుగు పలుకుబడిని మనసులో పెట్టుకుని చేసింది కాదది, మనకి దగ్గరగా వినపడేవి కొన్ని వదిలేస్తుంది, అస్సలు పోలికలేనివి కొన్ని తెస్తుంది. అందుకే Phonetic ఒక్కటే చేసి ఆపేయకండి, నడిమి ముక్కల పద్ధతితో పాటు చేయండి. పేరుతో పాటు అల బొమ్మో, లైట్‌హౌస్ బొమ్మో లోగోలో పెట్టాలనుకుంటే అది Vienna Code తో వెతికే వ్యవహారం, దాన్ని ఇప్పటికి పక్కన పెట్టండి, ముందు పేరు తేలనివ్వండి.

వచ్చిన లిస్టుని చదవడం అనేది వెతకడం కంటే ముఖ్యం. ఒక్కో ఎంట్రీ తెరిస్తే నాలుగు సంగతులు చూడండి: స్టేటస్, సరుకుల వివరణ, ఎప్పటినుంచి వాడుతున్నామని రాశారో ఆ తేదీ, ఓనర్ ఎవరు. స్టేటస్ Registered అని ఉంటే తెలిసిందే. Objected అని ఉంటే చాలామంది "అయితే వాడిది పోయినట్టే" అనుకుంటారు, అది పొరపాటు, ఎగ్జామినర్ అభ్యంతరం చెప్పాడు, అవతలివాడు జవాబు ఇచ్చుకుంటున్నాడు, రేపు రిజిస్టర్ కూడా అవ్వచ్చు. Opposed అంటే ఇంకెవరో వచ్చి అడ్డుపడ్డారు, గొడవ నడుస్తోంది. ఈ రెండూ మీకన్నా ముందు వేసిన దరఖాస్తులు కాబట్టి బతికున్నవాటి కిందే లెక్క. Abandoned, Refused, Withdrawn అయితే రిజిస్టర్ వరకు అడ్డం కాదు, కానీ ఆ పేరుతో వాళ్ళు ఇంకా వ్యాపారం చేస్తూనే ఉండొచ్చు. Removed అని ఉంటే తేదీ చూడండి, రిన్యూ చేయించుకోక తీసేసిన మార్క్‌ని కూడా తీసేసిన తర్వాత ఏడాది వరకు మామూలుగా ఉన్నట్టే లెక్కేస్తారు, వాళ్ళు మళ్ళీ పునరుద్ధరించుకునే దారి కూడా ఉంది.

ఇక్కడ చాలామందికి తెలియని ఒక పని చెప్తాను. దగ్గరగా ఉన్న మార్క్ ఏదైనా Objected లో కనపడితే దాని అప్లికేషన్ నంబర్ రాసుకుని, అదే సైట్‌లో అప్లికేషన్ స్టేటస్ పేజీకి వెళ్ళి ఆ దరఖాస్తు ఎగ్జామినేషన్ రిపోర్ట్ తెరిచి చదవండి. ఎగ్జామినర్ ఆ పేరుకి ఏయే పాత మార్కులు అడ్డం అని చూపించాడో అందులో లిస్టు ఉంటుంది. అంటే మీలాంటి పేరుకి రిజిస్ట్రీ వాళ్ళే చేసిన సెర్చ్ మీకు ఫ్రీగా దొరికినట్టు. గాజువాక నుంచి మిల్లెట్ స్నాక్స్ చేసే ఒకావిడ వచ్చినప్పుడు ఇదే పనికొచ్చింది, ఆవిడ పేరు J తో మొదలవుతుంది, దగ్గర్లో ఒకే ఒక్క Objected మార్క్ కనపడింది, దాని రిపోర్ట్ తెరిస్తే అందులో Z తో రాసిన పాత రిజిస్టర్డ్ మార్క్ ఉంది, అదీ క్లాస్ 30లోనే, సరుకుల్లో స్నాక్స్ అని స్పష్టంగా రాసి ఉంది. ఆవిడకి అడ్డం పడేది కనపడ్డ Objected మార్క్ కాదు, దాని వెనకాల ఉన్న ఈ Z మార్క్. ఆవిడ పేరు మార్చుకున్నారు, అప్పటికి ప్రింటింగ్ అవ్వలేదు కాబట్టి పోయింది ఏమీ లేదు.

ఇప్పుడు ఎంత దగ్గరైతే మరీ దగ్గర అనేది. దీనికి మీటర్ ఏమీ లేదు. కోర్టులు ఎప్పటినుంచో చెప్పేది ఏంటంటే, రెండు పేర్లనీ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చకూడదు, మామూలు కొనుగోలుదారుడు, మొదటిది పూర్తిగా గుర్తులేనివాడు, రెండోది చూసి తికమకపడతాడా అని చూడాలి. 1962లో సుప్రీంకోర్టుకి వచ్చిన అమృతధార కేసు దీనికి మంచి ఉదాహరణ. ఒకరిది "అమృతధార" మందు, ఇంకొకరిది "లక్ష్మణధార". మనకైతే అమృతం వేరు, లక్ష్మణుడు వేరు, కానీ కోర్టు మాటని విడగొట్టి అర్థం చూసుకుంటూ కొనేవాడు కాదు మామూలు కొనుగోలుదారుడు అంది, మొత్తంగా వింటే రెండూ పోలి ఉన్నాయి, జనం తికమకపడే అవకాశం ఉందని తేల్చింది. అమృతధార వాళ్ళు చాలాకాలం చూస్తూ ఊరుకున్నారు కాబట్టి లక్ష్మణధారకి ఉత్తరప్రదేశ్ వరకే రిజిస్ట్రేషన్ మిగిలింది.

దీనికి ఎదురుగా 2018లో వచ్చిన నందిని కేసు ఉంది. కర్ణాటక మిల్క్ ఫెడరేషన్ వాళ్ళ "నందిని" పాలు, బెంగళూరులో "నందిని డీలక్స్" రెస్టారెంట్లు, పలికితే పేరు ఒకటే, స్పెల్లింగ్‌లో ఒక H తేడా. రెస్టారెంట్ వాళ్ళు 29, 30 క్లాసుల్లో దరఖాస్తు వేశారు. ఒకే క్లాసులో ఉన్నంత మాత్రాన ఒకే రకం సరుకు అయిపోదు, లోగోలు వేరు, పాలూ పాల పదార్థాలూ వేరు, వీళ్ళు అమ్మేది వేరు అని సుప్రీంకోర్టు రిజిస్ట్రేషన్‌కి ఒప్పుకుంది, కాకపోతే పాలు, పాల ఉత్పత్తులు మాత్రం లిస్టులోంచి తీసేయమంది. ఇది చదివి "అయితే నాకూ కుదురుతుంది" అనుకోకండి, వాళ్ళు 1989 నుంచి ఆ పేరుతో హోటళ్ళు నడుపుతున్నారు, సుప్రీంకోర్టు దాకా కొట్లాడారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి అంత అవసరం ఏముంది.

మీ పేరుకి దీన్ని ఎలా వాడాలంటే, కొన్ని రిజల్ట్స్ ఇలా వచ్చాయని ఊహించుకోండి (ఇవి నేను కల్పించి చెప్తున్నవే). క్లాస్ 30లో THIRAM, మసాలా పొడులకి, Registered: ఇక ఆగిపోండి, వేరే పేరు చూసుకోండి. క్లాస్ 29లో SAGARA THEERAM, ఎండుచేపలకి, Objected: ఇదీ గట్టి అడ్డమే, ముందు "సాగర" ఉన్నా మీ ముక్క మొత్తం అందులో ఉంది, పైగా పచ్చళ్ళూ ఎండుచేపలూ ఒకే కిరాణా కొట్లో ఒకే అరలో ఉంటాయి. క్లాస్ 43లో THEERAM, బీచ్ రిసార్ట్‌కి, Registered: ఇది మధ్యరకం, ఆ రిసార్ట్ పేరున్నదా, తిండి పదార్థాలు కూడా అమ్ముతోందా అని ఆరా తీయాలి. ఒకవేళ క్లాస్ 32లో కూడా చూసి THEERTHAM కనపడితే, నీళ్ళ బాటిళ్ళకి: సరుకు వేరు, మాట వేరు, అర్థం వేరు, దీని గురించి బెంగపడక్కర్లేదు. మొదటి రెండింటిలాంటివి ఒక్కటి కనపడినా నేనైతే ఫైల్ చేయొద్దనే చెప్తాను.

రిజిస్టర్‌లో ఏమీ లేకపోయినా పని అయిపోలేదు. మన దేశంలో రిజిస్టర్ చేయించుకున్నవాడి కంటే ముందునుంచి వాడుతున్నవాడి హక్కే గట్టిది. తిరునెల్వేలి ఇరుట్టుక్కడై హల్వా పేరు మీద 2015లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది, ఆ కేసులో రెండువైపులా రిజిస్ట్రేషన్ ఉంది, అయినా మొదటినుంచి వాడుతున్న కుటుంబమే గెలిచింది. మన ఉత్తరాంధ్రలో పాతకాలం నుంచి ఒకే పేరుతో నడుస్తూ ఎక్కడా రిజిస్టర్ చేయించుకోని స్వీట్ షాపులు, పచ్చళ్ళ కొట్లు చాలానే ఉన్నాయి, వాళ్ళు ఏ సైట్‌లోనూ కనపడరు. అందుకని గూగుల్ మ్యాప్స్‌లో వైజాగ్, విజయనగరం, శ్రీకాకుళం, అనకాపల్లి, కాకినాడ పెట్టి పేరు వెతకండి, తెలుగులో ఒకసారి ఇంగ్లీషులో ఒకసారి. ఇన్‌స్టాగ్రామ్‌లో చూడండి, ఈరోజుల్లో ఇంటి పచ్చళ్ళ వాళ్ళు సగం అక్కడే ఉంటారు. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, ఇండియామార్ట్ కూడా. పూర్ణామార్కెట్‌లో మీరు సరుకు కొనే హోల్‌సేల్ వాళ్ళని "ఈ పేరుతో పొడులు ఎవరైనా వేస్తున్నారా" అని అడగండి, వాళ్ళకి తెలిసినంత ఏ సైట్‌కీ తెలియదు. ఎక్కడైనా కనపడితే వాళ్ళు ఎప్పటినుంచి ఉన్నారో తెలిసేలా స్క్రీన్‌షాట్ తీసి తేదీతో దాచుకోండి.

కంపెనీ పేరు సంగతి కూడా అడుగుతారని తెలుసు కాబట్టి చెప్తున్నాను. mca.gov.in లో కంపెనీ పేరు ఇచ్చారు, జీఎస్టీ వచ్చింది, ఉద్యం సర్టిఫికెట్ వచ్చింది, ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ మీద పేరు ఉంది, డొమైన్ కొనేశాం, ఇవేవీ బ్రాండ్ పేరు మీద హక్కు ఇవ్వవు. పైగా రిజిస్టర్డ్ ట్రేడ్‌మార్క్ ఉన్నవాడు మీ కంపెనీ ఏర్పడిన మూడేళ్ళలోపు దరఖాస్తు పెట్టి కంపెనీ పేరే మార్పించొచ్చు. అయినా mca లో చూడటం మంచిదే, ఆ పేరుతో ఫుడ్ కంపెనీ ఉంటే అది ముందే వాడుకలో ఉన్నట్టు ఒక ఆనవాలు. ఇంకోటి, ఎప్పుడైనా కాఫీ కూడా అమ్మి పేరులో "అరకు" చేర్చాలనుకుంటే జాగ్రత్త, అరకు వ్యాలీ అరబికా కాఫీకి 2019 నుంచి జీఐ, అంటే ఆ ప్రాంతానికే చెందిన సరుకు అనే గుర్తింపు ఉంది, అది వేరే రిజిస్టర్, విడిగా చూడాలి.

ఇంత చేసినా సెర్చ్‌కి ఒక హద్దు ఉంది. నిన్న మొన్న వేసిన దరఖాస్తులు సెర్చ్‌లోకి రావడానికి టైం పడుతుంది. విదేశాల్లో ముందు ఫైల్ చేసినవాళ్ళు ఆరు నెలల్లోపు ఇక్కడ వేసి పాత తేదీనే అడగొచ్చు. తెలుగు లిపిలో ఉన్న లేబుళ్ళకి ఇంగ్లీషులో ఏ స్పెల్లింగ్ ఎక్కించారో దాన్ని బట్టే అవి దొరుకుతాయి. కాబట్టి మీరు సెర్చ్ చేసిన రోజుకీ ఫైల్ చేసే రోజుకీ మధ్య నెలలు గడిపేయకండి, గడిస్తే ఫైల్ చేసే ముందు EERAM, IRAM రెండూ మళ్ళీ కొట్టండి.

ఖర్చు సంగతి: వ్యక్తి పేరు మీదైనా, ఉద్యం ఉన్న చిన్న సంస్థ అయినా ఆన్‌లైన్‌లో క్లాసుకి 4,500, మిగతావాళ్ళకి 9,000. మీకు 29, 30 రెండూ కావాలి కాబట్టి 9,000 అవుతుంది. అభ్యంతరం వచ్చి పేరు పోతే ఆ ఫీజు తిరిగి రాదు. ఎగ్జామినర్ దాటాక జర్నల్‌లో వేస్తారు, అప్పటినుంచి నాలుగు నెలలు ఎవరైనా అడ్డుపడొచ్చు, ఆ గడువు దాటి సర్టిఫికెట్ వచ్చేదాకా ప్యాకెట్ మీద ™ మాత్రమే వేసుకోండి, ® వేయకూడదు, రిజిస్టర్ కాకుండా అది వేయడం చట్టవిరుద్ధం.

మీరు సెర్చ్ చేశాక దగ్గరగా అనిపించినవాటి అప్లికేషన్ నంబర్లు, క్లాసు, స్టేటస్ ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను. ఒకవేళ "తీరం" పోతే ఇంకో రెండు పేర్లు కూడా ఇప్పుడే అనుకుని పెట్టుకోండి, అన్నిటికీ ఒకేసారి వెతికేస్తే డిజైనర్ దగ్గరకి వెళ్ళేసరికి చేతిలో తేలిన పేరు ఉంటుంది.